మన ఇంటి ఫర్నిచర్, కర్నూలు: స్క్రోలింగ్, 20 సెకన్ల యాడ్

స్క్రోలింగ్:
శ్రావణ మాసం పెళ్లి సారె ★ 6×6½ టేకు మంచం, 6 అంగుళాల పరుపు, 3 డోర్ల బీరువా, డ్రెస్సింగ్ టేబుల్: సెట్ రూ.64,500 ★ కర్నూలు టౌన్‌లో డెలివరీ, ఫిట్టింగ్ ఫ్రీ ★ వాకిలి, మెట్ల వెడల్పు కొలిచి తెండి, బీరువా మలుపులో ఇరుక్కోదు ★ మన ఇంటి ఫర్నిచర్, బళ్లారి చౌరస్తా ★ ఆదివారం కూడా

యాడ్:
(పరుపు పైకెత్తుతారు. కెమెరా మంచం కిందికి. చెక్క మీద వేలితో టక్ టక్. పాట వద్దు, ఆ చప్పుడు వినపడాల.)

ఆడగొంతు: అక్కా, మంచం కొనేటప్పుడు పాలిష్ ఒక్కటే చూడొద్దు. పరుపెత్తి కింద చూడు! ఆరడుగుల మంచానికి నడిమధ్య కాలు లేకుంటే ప్లైవుడ్ కుంగుతాది, పరుపు గుంత పడతాది. మా మంచానికి ఐదు అడ్డపట్టీలు, నడుమ కాలు. నువ్వే ఎత్తి చూసుకో!

(చివరి 4 సెకన్లు కార్డు కదలకుండా: మన ఇంటి ఫర్నిచర్, బళ్లారి చౌరస్తా, కర్నూలు. అక్షరాలు స్క్రోలింగ్ పట్టీకి పైనే ఉండాల, కిందికి జారితే ఊరి పేరు మూసుకుపోతుంది.)

మగగొంతు: మన ఇంటి ఫర్నిచర్. బళ్లారి చౌరస్తా.