నూజివీడు మామిడి ఈ శనివారం హైదరాబాద్‌కి: ఆర్డర్లు బుధవారం రాత్రి వరకే

అందరికీ నమస్కారం. నూజివీడు చుట్టుపక్కల ఊళ్లలో పక్కపక్కనే తోటలున్న పద్నాలుగు మంది రైతులం కలిసి కాయని నేరుగా ఇళ్లకు పంపుతున్నాం. బంగినపల్లి కోత మొదలైంది. ఈ శుక్రవారం కోసింది శనివారం పొద్దున్నకి మీ ఏరియాకి వస్తుంది.

ముందే ఒక మాట. మీకు వచ్చేది పండు కాదు, కాయ. బాక్స్ విప్పగానే పసుపుపచ్చగా మెరిసిపోవాలనుకుంటే మా దగ్గర కొనొద్దు. చెట్టు మీద పరువుకొచ్చిన కాయని పచ్చిగా ఉండగానే కోసి పంపుతాం, మీ ఇంట్లో అయిదారు రోజుల్లో మాగుతుంది. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మిగతావన్నీ తేలికే.

ఇలా ఎందుకంటారా? నిండా మాగిన పండు రాత్రంతా వ్యాన్‌లో కుదుపులకు తట్టుకోదు. అందుకే వ్యాపారంలో లేత కాయని ముందే దించేసి, మందు పెట్టి రంగు తెప్పిస్తుంటారు. కార్బైడ్‌కి తడి తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది, దాంతో తొక్క పసుపెక్కుతుంది. లోపల టెంక దగ్గర మాత్రం పులుపు అలాగే ఉంటుంది, వాసనా ఉండదు. పైగా ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు కలిసి ఉంటాయి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం దాంతో పళ్లు మాగబెట్టడం దేశమంతటా నిషేధం. ఎథిలీన్ గ్యాస్ సంగతి వేరు. 100 పీపీఎం వరకు దానికి అనుమతి ఉంది, మాగేటప్పుడు కాయ తనంతట తాను వదిలేదీ అదే. కాబట్టి దాన్ని విషం అని మేం అనం. కాకపోతే ఆ గ్యాస్‌తో మాగబెట్టే గదులు మాకు లేవు, మీ ఇంటికి పచ్చికాయే వస్తున్నప్పుడు వాటి అవసరమూ లేదు.

కాయ పరువుకొచ్చిందని ఎలా చెబుతామంటే, ముచ్చిక పక్కన భుజాలు పైకి లేచి ముచ్చిక గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. తొక్క మీద చుక్కలు విచ్చుకుంటాయి, ముదురాకుపచ్చ కాస్త వెలిసినట్టు అవుతుంది. అనుమానం ఉంటే తోటకో కాయ కోసి చూస్తాం. టెంక గట్టిపడి, కండ తెలుపు పోయి లేత పసుపుకి తిరగాలి. తిరగకపోతే ఆ తోట వచ్చే వారానికే. ఈ వారం మాలో నలుగురి తోటలు ఇలాగే ఆగాయి.

కోతంతా చిక్కంతోనే, నేల మీద ఒక్క కాయ పడినా అది బాక్స్‌లోకి రాదు. ముచ్చిక కొద్దిగా ఉంచి కోసి, తర్వాత నీడలో ముచ్చిక కత్తిరించి బోర్లా పెడతాం. సొన కారిపోవడానికే ఇలా చేస్తాం. కారకముందే తొక్కకి అంటితే అక్కడ నల్లగా కాలినట్టు మచ్చ పడుతుంది, మాగాక అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. అంత జాగ్రత్త పడినా ఒకటి రెండు చారలు కనిపిస్తాయి, గాలికి కొమ్మ రాసుకున్న గరుకు మచ్చలూ ఉంటాయి. అవి తొక్క వరకే, రుచికి సంబంధం లేదు.

ఈ వారం ఏమున్నాయంటే: బంగినపల్లి 5 కిలోల బాక్స్ 650 రూపాయలు, సైజుని బట్టి 12 నుంచి 15 కాయలు. చిన్న రసం 5 కిలోలు 600 రూపాయలు, 20 కాయల పైనే వస్తాయి, కానీ ఇది అరవై బాక్సులకి మించి లేదు. రవాణా ఇందులోనే కలిసి ఉంది. కాయ మాగేటప్పుడు నీరు తగ్గి కొంత తూకం పోతుంది కాబట్టి ప్రతి బాక్స్‌లో పావుకిలో ఎక్కువే వేస్తున్నాం. పెద్ద రసాలు ఇంకో పది రోజులకి. ఆవకాయకి బంగినపల్లి ఇమ్మని అడుగుతున్నారు. ఇస్తాం గానీ, దానికి పులుపు చాలదు, పచ్చడి మీకే నచ్చదు.

"బజార్‌లో ఇంతకన్నా తక్కువకే వస్తుంది కదా" అని పోయినసారి చాలామంది అన్నారు. నిజమే, కొన్ని రోజులు వస్తుంది. మార్కెట్ యార్డుకి లోడు తీసుకెళితే రేటు పొద్దున ఒకటి, ఎండెక్కాక ఇంకొకటి. అందులోంచి కమీషన్, హమాలీ, తరుగు పోగా చేతికొచ్చింది చూసుకుంటే కొన్నిసార్లు కోత కూలికీ ట్రాక్టర్ కిరాయికే సరిపోతుంది. కాయ దించాక వెనక్కి తెచ్చుకోలేం కదా, ఎంతంటే అంతకి ఇచ్చి రావడమే. ఇక్కడైతే మీరు ముందే చెప్పినన్ని కాయలే కోస్తాం, రేటు కోతకి ముందే తెలుస్తుంది. మిగతాది చెట్టు మీదే ఉంటుంది. మాకు దొరికే అసలు లాభం అదే.

ఇంటికొచ్చాక చేయాల్సింది కొంచెమే. బాక్స్‌లో గడ్డి ఉంటుంది, పారేయకండి. కాయలన్నీ తీసి, మెత్తబడినవి ఏవైనా ఉంటే పక్కన పెట్టి, మిగతావి ఆ గడ్డిలోనే ఒక వరుసగా పేర్చండి. గడ్డి చాలకపోతే న్యూస్‌పేపర్ వేయండి. ప్లాస్టిక్ కవర్‌లో మూట కట్టొద్దు, చెమట పట్టి బూజొస్తుంది. ఇంకొకటి, చాలామంది చేసేదే: పచ్చికాయని ఫ్రిజ్‌లో పెట్టడం. ఆ చలికి కాయ దెబ్బతిని ఇక మాగదు, మాగినా చప్పగా ఉంటుంది. పండయ్యాకే ఫ్రిజ్. రోజుకోసారి చేత్తో తిప్పి చూడండి. ముచ్చిక దగ్గర వాసన గుప్పుమంటే బంగినపల్లి తయారైనట్టే. చిన్న రసానికి రంగు చూడొద్దు, పైన ఇంకా ఆకుపచ్చ ఉన్నా లోపల పండిపోతుంది. చేత్తో అన్నివైపులా మెత్తగా అనిపించాలి, అప్పుడు పిసికి జుర్రుకోవడమే. అన్నీ ఒకేరోజు మాగవు, అది మంచిదే, వారమంతా తింటారు. తినే ముందు అరగంట నీళ్లలో వేసి కడగండి.

శనివారం పొద్దున ఏడు నుంచి పదకొండు మధ్య వ్యాన్ మియాపూర్, కూకట్‌పల్లి, కొండాపూర్ మీదుగా వెళ్తుంది. రెండో వ్యాన్ ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ వైపు. ఒకే అపార్ట్‌మెంట్‌లో పది బాక్సులు కలిస్తే గేటు దగ్గరకే తెస్తాం. అంతకన్నా తక్కువైతే మీ ఏరియాలో ఎక్కడ ఆగుతామో శుక్రవారం సాయంత్రం చెబుతాం, వచ్చి తీసుకోవాలి. వాచ్‌మన్ దగ్గర పెట్టించుకునేవాళ్లు దయచేసి ఎండలో కాకుండా నీడన పెట్టమని ఆయనకి ముందే చెప్పండి. గంట ఎండ తగిలినా కాయ ఉడికిపోతుంది.

డబ్బు ముందు ఇవ్వొద్దు. బాక్స్ చేతికొచ్చి, విప్పి చూసుకున్నాకే మూత మీద ఉన్న క్యూఆర్ కోడ్‌తో పంపండి. మూత లోపల రైతు పేరు, ఊరి పేరు రాసి ఉంటాయి. వారం లోపు ఏ కాయైనా లోపల కుళ్లిందని తేలితే కోసి ఫొటో పెట్టండి. వచ్చే ఆర్డర్‌లో కుళ్లినన్ని కాయలు కలిపేస్తాం, లేదంటే ఆ మేరకు డబ్బు తిరిగి ఇస్తాం. మాగబెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టిన వాటికి మాత్రం ఇది వర్తించదు, తేడా కోయగానే మాకు తెలిసిపోతుంది!

మీ పేరు, ఏరియా, అపార్ట్‌మెంట్ పేరు, ఏ రకం ఎన్ని బాక్సులో రాసి ఈ మెసేజ్‌కి రిప్లై ఇవ్వండి. బుధవారం రాత్రి తొమ్మిది తర్వాత వచ్చినవి వచ్చే శనివారానికి వెళ్తాయి. గురువారం గానీ గాలివాన పడితే కోత ఒకరోజు వెనక్కి జరిపి ఆదివారం తెస్తాం, ఆ సంగతి గురువారం రాత్రికే ఇక్కడ చెబుతాం.