ఎప్పుడొస్తావ్?

మా అపార్ట్‌మెంట్‌లో మనుషులకి పేర్లుండేవి కావు, నంబర్లే. మెయింటెనెన్స్ పుస్తకం నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. 303 ఈ నెల ఇంకా కట్టలేదు. 201 బాత్రూమ్ పైపు కారుతోంది. 402లో పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, పిల్లలు అమెరికా. అంతవరకే మాకు ఒకరి గురించి ఒకరికి తెలిసింది. నిజాంపేటలో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికొస్తే అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. లిఫ్టులో ఇద్దరం ఎక్కితే ఇద్దరం తలుపు మీద వెలిగే అంకెల వంకే చూస్తూ నిలబడేవాళ్ళం, అక్కడేదో ఇంటర్ రిజల్ట్స్ వస్తున్నట్టు. వేసవిలో బోరు ఎండితే సెల్లార్‌లో కుర్చీలేసుకుని మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడుకోవడమంటే పోట్లాడుకోవడమే. ట్యాంకర్ వచ్చాక ఎవరి తలుపు వాళ్ళది.

కార్తీకమాసంలో 101లోకి కొత్తవాళ్ళు అద్దెకు దిగారు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరే. పాలకొల్లు నుంచి వచ్చిన నానమ్మ ఒకరు. నాలుగున్నరేళ్ళ ఆద్య ఒకతి. గేటుకి సరిగ్గా పైన వాళ్ళ బాల్కనీ. తల్లికి పొద్దున్నే మీటింగులు. అందుకని పిల్లకి పాలగ్లాసు చేతికిచ్చి, ఓ ప్లాస్టిక్ స్టూలు వేసి గ్రిల్ వెనక కూర్చోబెట్టేది.

మొదటిరోజే మొదలైంది.

"ఓయ్! ఎక్కడికీ?"

ఎదురుగా వచ్చిన ప్రతివాళ్ళకీ అదే ప్రశ్న. ఆఫీసుకెళ్ళేవాళ్ళకి, పేపరబ్బాయికి, చెత్తబండి వాళ్ళకి, గేటు ముందు పడుకునే కుక్కకి కూడా. కొందరు విననట్టు ఫోన్ చెవికి పెట్టుకునేవారు. నేనైతే ఓ నవ్వు నవ్వి జారుకునేవాణ్ణి. ఒక్క 303 ఆయన మాత్రం ఠక్కున ఆగిపోయాడు. తల పైకెత్తి పిల్ల వంక చూసి, బండి స్టాండేసి, మెట్లెక్కి ఇంటికెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ దిగాడు. ఈ సంగతి వాచ్‌మన్ యాదయ్య చెప్తే తెలిసింది. "రోజు గిట్లనే జేస్తుండు సార్, పోరి అడుగుడు, ఈన వాపస్ పోవుడు."

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని ఆయన పట్టింపు. అది ఆయనొక్కడికేనా అంటే, నిజం చెప్పొద్దూ, ఓసారి పెన్షన్ పని మీద వెళ్తూ నేనూ వెనక్కొచ్చి చెప్పులిప్పి కూర్చున్నాను.

నాలుగోరోజు గ్రూపులో మెసేజ్ పడింది. "101 వారు తమ పిల్లను అదుపులో పెట్టుకోవలెను. శుభమా అని బయల్దేరుతుంటే అడ్డు ప్రశ్నలు వేయుచున్నది. సెక్రటరీ గారు తగు చర్య తీసుకోగలరు." ఆ సెక్రటరీ నేనే. తగు చర్య ఏమిటో తెలియక, తలుపు కొట్టి నానమ్మగారితో నసుగుతూ విషయం చెప్పాను. పాపం ఆవిడ నొచ్చుకుంది. "అయ్యో రామా, మా ఊళ్ళో అయితే నేనే నోరు నొక్కేదాన్నండి. ఇక్కడికొచ్చాక దీనికి మాట్లాడే దిక్కు లేక వదిలేశాను" అని, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్కడికక్కడే పాఠం చెప్పింది. వెళ్ళేవాళ్ళని ఎక్కడికి అనకూడదమ్మా, అంటే పని అవదు, తెలిసిందా? పిల్ల బుద్ధిగా తలూపింది.

మర్నాడు పొద్దున్న నేను పాలకి బయల్దేరుతున్నాను.

"ఓయ్! ఎక్కడికి అని అడక్కూడదంట!"

"అవునమ్మా."

"మరి ఎప్పుడొస్తావ్?"

నేను ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు చేశాను. అందులో సగం బస్టాండ్ ఎంక్వైరీ కౌంటర్లో. ఆ ప్రశ్నని రోజుకి వెయ్యిసార్లు విన్నవాణ్ణి, వచ్చేస్తుంది వచ్చేస్తుంది అని ఎన్ని బస్సుల మీద అబద్ధాలాడానో లెక్కలేదు. కానీ అదే ప్రశ్న నా మీద పడితే నాలుక తడబడింది. "ఇదిగో, అయిదు నిమిషాలు" అన్నాను. దారిలో తెలిసినాయన కనపడి అరగంట పట్టింది. తిరిగొచ్చేసరికి స్టూలు మీద నిలబడి ఉంది. "అయిదు నిమిషాలన్నావుగా!" సందంతా వినిపించింది.

ఆ ప్రశ్నకి మాత్రం ఎవరూ తప్పించుకోలేకపోయారు. ఎక్కడికంటే అపశకునం గానీ, ఎప్పుడొస్తావంటే తప్పుపట్టడానికేముంది? పైగా రానని అనలేరు కదా, అది ఇంకా అపశకునం. కాబట్టి అందరూ ఏదో ఒక టైం చెప్పడం మొదలుపెట్టారు. పిల్లకి గడియారం చూడ్డం రాదు. దీపం పెట్టాకా, నేను అన్నం తిన్నాకా, నాన్న వచ్చాకా, ఇవే దాని టైంటేబుల్. కానీ జ్ఞాపకం మాత్రం పిడుగు. 504 కుర్రాడు దీపం వేళకి వస్తానని రాత్రి పదకొండుకి వస్తే మర్నాడు పదిమంది ముందు నిలదీసేది. ఒకరోజు మా ఆవిడ బాల్కనీలోంచి కిందకి కేకేసి, "ఆద్యా, మా ఆయన ఎప్పుడొస్తానన్నాడే?" అని అడగడం నా చెవులారా విన్నాను. నేను ఆవిడకి చెప్పి వెళ్ళి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. పిల్లకి మాత్రం చెప్పి వెళ్ళాను.

మిగతావన్నీ ఒక ఎత్తు, 402 ఆవిడ ఒక ఎత్తు. ఆవిడ కిందకి దిగేదే నెలకోసారి, బ్యాంకుకి. ఆ రోజు కూడా గోడ పట్టుకుని మెల్లగా నడుస్తోంది. పైనుంచి "ఎప్పుడొస్తావ్?" అని వినపడగానే ఆగింది. చుట్టూ చూసింది. ఎవరినో అనుకుంది.

"నిన్నే!"

"నన్నా? ... ఒక గంట పడుతుందమ్మా." కాస్త ఆలోచించి, "కాదు, అరగంటలో వచ్చేస్తా" అంది.

మర్నాడు ఆవిడ మళ్ళీ దిగింది. చేతిలో చిన్న గుడ్డసంచి. సందు చివర కూరగాయల బండి దాకా వెళ్ళి ఓ కొత్తిమీర కట్ట కొనుక్కొచ్చింది. సాయంత్రం ఇంకో కట్ట. ఆ మర్నాడు మూడు. ఒక్క మనిషికి అంత కొత్తిమీర ఎందుకని నేను అడగలేదు. బండివాడు అడిగాట్ట, నవ్వి ఊరుకుందట. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి గేటు దగ్గర నిలబడి పిల్లతో ముచ్చట్లు. ఫ్రిజ్ నిండిపోయాక ఆ కట్టలు తలుపు తలుపుకీ చేరడం మొదలయ్యాయి. మా ఇంటికీ వచ్చింది. వేళ్ళు కడిగి, తడిగుడ్డ చుట్టి, ఎంత ముచ్చటగా ఉందో ఆ కట్ట. ఖాళీ చేతులతో పంపడం బాగోదని మా ఆవిడ నిమ్మకాయ పచ్చడి పెట్టింది. 204లో ఉండే నర్సమ్మాయిలు గిన్నె కడిగి ఖాళీగా ఇవ్వకుండా అందులో సేమ్యా పోసి ఇచ్చారు. ఆ గిన్నె 202 వాళ్ళదని, 204 వాళ్ళకి తెలియక 302లో ఇచ్చారని, దాని మీద ఓ వారం రోజులు గ్రూపులో విచారణ నడిచింది. ఆ గ్రూపులో ట్యాంకర్ బిల్లు కాకుండా ఇంకో విషయం రావడం అదే మొదలు.

402 ఆవిడ పేరు అన్నపూర్ణ అని నాకు అప్పుడే తెలిసింది. పదకొండేళ్ళుగా ఆవిడ చెక్కులు తీసుకుంటున్నాను. చెక్కు మీద సంతకం ఉంటుంది. చూడలేదంతే.

సంక్రాంతికి అపార్ట్‌మెంట్ సగం ఖాళీ అయింది. పిల్ల ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగి, కనుమ తర్వాత, కనుమ తర్వాత అని వేళ్ళు మడిచింది.

303 ఆయన మాత్రం లొంగలేదు. పేరు సూర్యనారాయణ. యాభై నాలుగేళ్ళు, జుట్టుకి నల్లరంగు. పిల్ల ఆయన్ని తాతయ్యా అని పిలుస్తుంది. అసలు కోపం ఎక్కడికి అన్నందుకు కాదు, అందుకేనని నా అనుమానం. ఆరు నెలలూ తలెత్తకుండా గేటు దాటాడు. మే నెలాఖరులో ఒకరోజు, వదిలించుకోవడానికే అయ్యుంటుంది, "ఏడింటికి" అని విసుగ్గా అనేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆరుకి గాలివాన మొదలైంది. కరెంటు పోయింది. ఈ ఊళ్ళో అరగంట వాన కొడితే రోడ్లేవో నాలాలేవో తెలియవు. ఎనిమిదిన్నరకి నానమ్మగారు కొవ్వొత్తి పట్టుకుని మా తలుపు కొట్టింది.

"ఏమీ అనుకోకండి. ఇది అన్నం తినట్లేదండి. తాతయ్య ఏడింటికి వస్తానన్నాడు, రాలేదంటుంది. ఆయన ఇంటికి తాళం ఉంది. భార్య ఊళ్ళో లేదంట కదా."

భార్య ఊళ్ళో లేదన్న సంగతి నాకు తెలియదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఏం చెయ్యాలో తోచక సెల్లార్‌లోకి దిగితే అప్పటికే యాదయ్య, 504 కుర్రాడు, 201 ఆయన టార్చిలైట్లతో ఉన్నారు. వాళ్ళకెవరు చెప్పారంటే, బాల్కనీలోంచి అదే చెప్పింది. కుర్రాడి కారులో బయల్దేరాం. పిల్ల చీకట్లోంచే అరిచింది, ఎప్పుడొస్తావ్ అని. ఈసారి ఎవరం టైం చెప్పలేకపోయాం.

క్రాస్ రోడ్స్ ఇవతల మూసేసిన ఓ టిఫిన్ సెంటర్ రేకు కింద దొరికాడు. స్కూటర్ సైలెన్సర్‌లోకి నీళ్ళు పోయాయి. ఫోన్ తడిసిపోయింది. మోకాళ్ళ దాకా బురద. మమ్మల్ని చూసి ముందు గుర్తుపట్టలేదు, తర్వాత కంగారుపడ్డాడు.

"ఏమైందండీ? అపార్ట్‌మెంట్‌లో ఏమైనా...?"

"మీరే ఏమయ్యారో అని వచ్చాం. ఏడింటికి వస్తానన్నారట."

"ఎవరితో?"

చెప్పాం. ఆయన చాలాసేపు స్కూటర్ హ్యాండిల్ తుడుస్తూ ఉండిపోయాడు. అప్పటికే తడిసి ముద్దయిన రుమాలుతో తుడుస్తున్నాడు. "ఏదో నోటికొచ్చింది చెప్పానండీ" అన్నాడు. దారంతా ఇంకేం మాట్లాడలేదు.

మేం వచ్చేసరికి పిల్ల స్టూలు మీదే నిద్రపోయింది. నానమ్మ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తుంటే ఆయన గేటు దగ్గర నిలబడి చూశాడు. మర్నాడు బండి లేదు కాబట్టి బస్సుకి నడుస్తూ, తనే బాల్కనీ కింద ఆగాడట. ఏమన్నాడో నేను వినలేదు. యాదయ్యని అడిగితే, "నాకెర్కలే సార్, గని శానసేపు నిలవడ్డరు" అన్నాడు.

జూన్ 12న బడులు తెరిచారు. ఎనిమిదిన్నరకి గేటు ముందు పసుపురంగు వ్యాన్ ఆగింది. ఆద్య కొత్త యూనిఫాంలో, తనకంటే పెద్ద బ్యాగుతో దిగింది. మేం కింద ఓ ఆరేడుగురం ఉన్నాం, తలా ఓ పని ఉన్నట్టు నటిస్తూ. సూర్యనారాయణ గారు పై నుంచే చూస్తున్నాడు. నాలుగో అంతస్తులోంచి అన్నపూర్ణమ్మగారు ఏదో అంటోంది గానీ ఆ గొంతు కిందకి ఆనడం లేదు.

303 బాల్కనీలోంచి ఆయన వంగి, గట్టిగా అందించాడు. "ఎప్పుడొస్తావని అడుగుతున్నారు!"

పిల్ల వ్యాన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. తన స్టూలు ఖాళీగా ఉన్న బాల్కనీ వంక చూసింది. ఎప్పుడూ దానికి అంత ఆలోచన పట్టగా చూడలేదు.

"నాకు తెలీదు. మిస్‌ని అడిగి చెప్తా."

వ్యాన్ కదిలింది. నాలుగో అంతస్తు నుంచి మళ్ళీ సన్నగా వినిపించింది, "ఏమందీ? ఏమందండీ?"

"మిస్‌ని అడిగి చెప్తుందట!" అన్నాను నేను. 201 ఆయన అదే మాట పైకి అన్నాడు. మూడో అంతస్తులో సూర్యనారాయణ గారు మెడ వెనక్కి వంచి ఇంకా పైకి అందించాడు.