క్యూసీ ల్యాబ్ నుంచి రెగ్యులేటరీలోని సీనియర్‌కు: పదిహేను నిమిషాల ఫోన్ కోసం

లింక్డ్‌ఇన్ కనెక్షన్ నోట్, 3 నవంబర్ 2025, సోమవారం

మాధవి మేడమ్, నమస్తే. నా పేరు వంశీ, కాకతీయ యూనివర్సిటీ బీఫార్మసీ, 2022 బ్యాచ్. ట్యాబ్లెట్ల ప్లాంట్‌లో క్యూసీ చేస్తున్నాను. సీఎంసీ రైటింగ్ వైపు రావాలనుంది. ఉద్యోగం అడగడానికి కాదు, ఆ పని గురించి మూడు ప్రశ్నలున్నాయి. మెయిల్ పెట్టొచ్చా?

మెయిల్, 5 నవంబర్ 2025, బుధవారం

సబ్జెక్ట్: కాకతీయ బీఫార్మసీ 2022: సీఎంసీ పని గురించి 15 నిమిషాల ఫోన్ (నవంబర్ 15 లేదా 16)

మాధవి మేడమ్‌కు నమస్కారం.

మెయిల్ పెట్టమన్నందుకు థాంక్స్. అడగాల్సింది ముందే చెప్పేస్తాను. నవంబర్ 15 శనివారం గానీ 16 ఆదివారం గానీ మీకు వీలైన ఒక పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా?

మీకే ఎందుకు రాస్తున్నానంటే, మన కాలేజీ నుంచి రెగ్యులేటరీలోకి వెళ్లినవాళ్లు చాలామందే కనిపించారు గానీ ఎక్కువమంది చదువైపోగానే నేరుగా అందులో చేరినవాళ్లు. మీ ప్రొఫైల్‌లో మొదటి రెండేళ్లు క్యూసీ అని ఉంది, ఆ తర్వాతే రెగ్యులేటరీ. నేను దాటాలనుకుంటున్న గట్టు మీరు దాటేశారు.

నేను మూడేళ్లుగా పాశమైలారంలో, అమెరికా మార్కెట్‌కు ట్యాబ్లెట్లు చేసే ప్లాంట్‌లో ఉన్నాను. ఏడాదిన్నరగా స్టెబిలిటీ సెక్షన్. 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఛాంబర్ నుంచి మూడో నెల, ఆరో నెల శాంపిళ్లు. 25 డిగ్రీలు, 60 శాతం ఛాంబర్ నుంచి లాంగ్ టర్మ్ శాంపిళ్లు. వాటికి అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, డిసల్యూషన్ చేసి రిజల్ట్ షీటు మీద సంతకం పెట్టి క్యూఏకి పంపుతాం. నా పని అక్కడితో ఆగిపోతుంది. ఆ అంకె డాసియర్‌లో ఎక్కడ కూర్చుంటుందో, దాని పక్కన ఎవరు ఏం రాస్తారో ల్యాబ్‌లో ఎవరికీ కనిపించదు. క్వెరీ వచ్చినప్పుడు మాత్రం "ఆ క్రొమాటోగ్రామ్ మళ్లీ పంపండి" అని ఒక మెయిల్ వస్తుంది. ఏ వాక్యానికి ఆ క్వెరీ వచ్చిందో ఎవరూ చెప్పరు.

నాకు ఆసక్తి ఎక్కడుందో ఒక లెక్కతో చెప్తాను. ఇది నేను ఊహించి వేసిన అంకె, మా ప్రొడక్ట్‌ది కాదు. రోజుకు 500 మిల్లీగ్రాముల డోసున్న ట్యాబ్లెట్ అనుకోండి. 1.32 ఆర్‌ఆర్‌టీ దగ్గర పేరు తెలియని పీక్ ఒకటి యాక్సిలరేటెడ్‌లో మూడో నెల 0.08 శాతం, ఆరో నెల 0.12 శాతం. క్యూ3బీ ప్రకారం ఈ డోసుకు రిపోర్టింగ్ హద్దు 0.1 శాతం, కాబట్టి మూడో నెలది రిపోర్ట్ చేయనక్కర్లేదు, ఆరో నెలది చేయాలి. ఐడెంటిఫికేషన్ హద్దు 0.2 శాతం, అది ఇంకా దాటలేదు. ల్యాబ్ వరకు ఇది "కంప్లైస్", ఫైలు మూసేస్తాం. కానీ పీక్ పెరుగుతోంది. 3.2.P.8.3లో టేబుల్ వేశాక, 3.2.P.8.1లో షెల్ఫ్ లైఫ్‌ను సమర్థిస్తూ రాసే మనిషి ఈ పెరుగుదల గురించి ఏమంటారు? ఏమీ అనకపోతే రివ్యూయర్ అడుగుతారా? ఆ నాలుగు వాక్యాలు రాసే పని నేర్చుకోవాలని ఉంది.

మిమ్మల్ని అడగాలనుకున్నవి మూడే.

ఒకటి. క్యూసీ నుంచి వచ్చిన కొత్త మనిషి చేతికి మీ టీమ్‌లో మొదటి ఆరు నెలలు నిజంగా ఏ పని ఇస్తారు? సర్టిఫికెట్లకూ టేబుళ్లకూ అంకెలు సరిచూడటమా, సెక్షన్లు డ్రాఫ్ట్ చేయడమా, డెఫిషియెన్సీలకు జవాబులకు డేటా పోగుచేయడమా?

రెండు. క్యూసీ వాళ్లు రాసిన డ్రాఫ్ట్‌లో మీకు పదేపదే కనబడే లోపం ఏది? రా డేటా చదవడం నాకు వచ్చు, రాయడంలో ఎక్కడ తప్పుతానో బయటివాళ్లే చెప్పాలి.

మూడు. ముందు ఏది చేయాలి? రెగ్యులేటరీలో ఎంఫార్మసీ, ఏడాది డిప్లొమా, ఈసీటీడీ సాఫ్ట్‌వేర్ కోర్సు అని రకరకాలుగా చెబుతున్నారు. ఇవేవీ కాకుండా మా కంపెనీలోనే అనలిటికల్ డెవలప్‌మెంట్ డాక్యుమెంటేషన్‌కు మారి, అక్కడి నుంచి రావడం దగ్గర దారా? రెజ్యూమేలు చూసే మనిషిగా మీరు దేనికి విలువ ఇస్తారు?

మీ ప్రొడక్టులు, ఫైలింగ్ తేదీలు, మీకొచ్చిన క్వెరీలు ఏవీ అడగను. మా ప్లాంట్ సంగతులూ నేను చెప్పను. రెజ్యూమే జతచేయలేదు. రెఫరల్ అడిగే ఉద్దేశం కూడా లేదు, అందుకే. అరపేజీ నోట్ ఒకటి మాత్రం పెడుతున్నాను. చదవకపోయినా ఫోన్‌కు ఇబ్బంది లేదు.

నాకు కుదిరే వేళలు:

శనివారం 15, సాయంత్రం 5 నుంచి 7 లోపు
ఆదివారం 16, ఉదయం 10 నుంచి 12 లోపు
ఆదివారం 16, సాయంత్రం 6 నుంచి 8 లోపు

ఇవి కుదరకపోతే మీరు చెప్పిన వేళకు సర్దుకుంటాను. ఒక్క ఇబ్బంది: ల్యాబ్‌లోకి ఫోన్లు రానివ్వరు, లాకర్‌లో పెట్టాలి. కాబట్టి పనిరోజుల్లో ఉదయం షిఫ్టు ముగిసి మియాపూర్‌లో కంపెనీ బస్సు దిగాక, మధ్యాహ్నం నాలుగు తర్వాతే. బస్సులోంచి చేస్తే ఒక్క మాట వినపడదు.

ఫోన్ నేనే చేస్తాను. పద్నాలుగో నిమిషానికి నేనే గుర్తుచేసి ముగిస్తాను. ఈ నెల కుదరదంటే "డిసెంబర్" అని ఒక్క మాట రాసినా చాలు.

ఇట్లు,
వంశీ
బీఫార్మసీ 2022, కాకతీయ యూనివర్సిటీ, వరంగల్

జతచేసిన నోట్: ఇప్పటిదాకా చదివింది, రాసి చూసింది

చదివినవి: ఐసీహెచ్ క్యూ1ఏ, క్యూ2 (2023 నవంబర్‌లో ఖరారైన రెండో సవరణ), క్యూ3బీ, ఎం4క్యూ. ఏఎన్‌డీఏకు మూడు బ్యాచ్‌ల మీద ఆరు నెలల యాక్సిలరేటెడ్, లాంగ్ టర్మ్ డేటా కావాలన్న ఎఫ్‌డీఏ గైడెన్స్, దాని ప్రశ్నోత్తరాలు.

రాసి చూసినది: ఒక జర్నల్‌లో అందరికీ అందుబాటులో ఉన్న హెచ్‌పీఎల్‌సీ మెథడ్ తీసుకుని 3.2.P.5.3 సారాంశం, రెండు పేజీలు.

అందులో నాకే దొరికిన తప్పులు: అస్సేకు పెట్టిన 80 నుంచి 120 శాతం రేంజ్‌నే ఇంప్యూరిటీలకూ రాసేశాను. ఇంప్యూరిటీకి రిపోర్టింగ్ లెవెల్ దగ్గర మొదలై స్పెసిఫికేషన్‌కు 120 శాతం వరకు ఉండాలి. లేకపోతే 0.1 శాతం దగ్గర ఇచ్చిన రిజల్ట్‌కు వ్యాలిడేషన్ ఆధారమే ఉండదు. రెండోది, స్పెసిఫిసిటీ కింద "ఇంటర్‌ఫియరెన్స్ లేదు" అని రాసి ఊరుకున్నాను. ఫోర్స్‌డ్ డిగ్రెడేషన్‌లో పీక్ ప్యూరిటీ, మాస్ బ్యాలెన్స్ అంకెలు పక్కన లేకపోతే అది ఉత్త మాటే.

దొరకనిది: ఇంత వివరం టెక్స్ట్‌లో ఉండాలా, రిపోర్టులో ఉందని చెప్పి వదిలేయాలా అన్న కొలత.

రిమైండర్ మెయిల్, 12 నవంబర్ 2025, బుధవారం (అదే మెయిల్‌కు కింద)

మేడమ్, నమస్తే. పోయిన బుధవారం రాసిన మెయిల్ కింద ఉంది. ఇది నెలాఖరు ఫైలింగ్‌ల సమయమై ఉండొచ్చు, కాబట్టి ఫోన్ కుదరకపోతే రెండో ప్రశ్న ఒక్కదానికి, క్యూసీ వాళ్ల డ్రాఫ్ట్‌లో పదేపదే కనబడే లోపం ఏదన్నదానికి, రెండు వాక్యాలో ఒక వాయిస్ మెసేజో చాలు. మళ్లీ గుర్తుచేయను.

వంశీ

వాట్సాప్, 14 నవంబర్ 2025, శుక్రవారం

మేడమ్, మీ మెసేజ్ చూశాను, చాలా థాంక్స్. ఎల్లుండి ఆదివారం ఉదయం 10:30కి ఈ నంబర్ నుంచే చేస్తాను. మీరు ఎత్తకపోతే ఏదో పనిలో ఉన్నారనుకుంటాను, వెంటనే మళ్లీ చేయను. 10:45కి ఒక్కసారి చేస్తాను. మీరు అడిగినట్టు ఆ రెండు పేజీల డ్రాఫ్ట్ ఇప్పుడే మెయిల్ చేశాను. వర్డ్ ఫైలే, కామెంట్లు పెట్టడానికి వీలుగా.

మెయిల్, 16 నవంబర్ 2025, ఆదివారం రాత్రి

సబ్జెక్ట్: ఉదయం ఫోన్‌కు కృతజ్ఞతలు, నేను రాసుకున్నవి

మేడమ్, పదిహేను అడిగి ఇరవై రెండు నిమిషాలు తీసుకున్నాను. పద్నాలుగో నిమిషానికి నేను ఆపబోతే మీరే కొనసాగించారు, అందుకు ప్రత్యేకంగా థాంక్స్.

సరిగ్గా అర్థమైందో లేదో మీరు చూసుకోవడానికి నాలుగు ముక్కలు రాస్తున్నాను. మొదటి నెలల్లో పని సరిచూడటమే. సర్టిఫికెట్‌లో 99.8 అని ఉండి 3.2.P.5.4 టేబుల్‌లో 100 అని పడితే, దాన్ని పట్టుకోవడమే ఆ పని. క్యూసీ వాళ్లు రిజల్ట్ రాస్తారు, కారణం రాయరు. ప్రతి టేబుల్ కిందా "అయితే ఏంటి" అని ప్రశ్నించుకుని ఒక వాక్యం రాయాలి. సాఫ్ట్‌వేర్ కోర్సుకు ఇప్పుడు డబ్బు పెట్టవద్దు, పబ్లిషింగ్ వేరే టీమ్ చూస్తుంది. ముందు మా కంపెనీలోనే డాక్యుమెంటేషన్ వైపు ఖాళీ ఉందేమో అడగాలి.

1.32 ఆర్‌ఆర్‌టీ లెక్క మీద మీరు చెప్పింది నా షీటులో పైన రాసుకున్నాను: ముందు లాంగ్ టర్మ్‌లో అదే పీక్ ఉందో లేదో చూడాలి. 25 డిగ్రీల దగ్గర కనబడకపోతే రాసే వాక్యం వేరు, కనబడితే వేరు. నేను యాక్సిలరేటెడ్ ఒక్కటే చూసి కంగారుపడ్డాను.

వంశీ

వాట్సాప్, 21 డిసెంబర్ 2025, ఆదివారం

మేడమ్, నమస్తే. మీరు చెప్పినట్టు 3.2.P.8.1 అభ్యాసంగా మూడుసార్లు రాశాను, ఊహించిన అంకెలతోనే. మూడోసారికి పేజీన్నర ముప్పావు పేజీకి దిగింది. డాక్యుమెంటేషన్ సెక్షన్ హెడ్‌ను కలిశాను, జనవరిలో ఒక ఖాళీ రావొచ్చన్నారు. ఊరికే చెప్పాలనిపించి రాశాను, జవాబు అక్కర్లేదు.