సగమే గ్రోలెనే
రాగం: ముఖారి, తాళం: మిశ్రచాపు

పల్లవి
సగమే గ్రోలి సగమేల విడిచెనే, చెలియా
మగువ మనసంతయు తానై యుండి

అనుపల్లవి
తగునా ఇది మంగళాద్రి దొరకు?
బిగువో, నాపై అలుకో, అడిగి రావే

చరణం 1
బిందె చంక నిడి మెట్లెక్కితినే
అందెల సడి వాడు వినలేదటే?
అందుకొని శంఖమున అర్చకుడు పోయగా
ముందు గుటగుటమనె, అంతలో మూగవోయెనే

చరణం 2
చీమైన చేరదట ఆ తీపి చెంతకు
ఏమని చేరుదునే ఆడుదానను?
ప్రేమ కొండ దిగునో, నన్నే ఎక్కి రమ్మనునో!

చరణం 3
మిగిలిన పానకము దోసిట పోసిరే
పగటివేళనే కన్నులు మూతపడెనే
సగపాలు నాకుంచెనే పానకాలరాయడు!
తగవాడ వచ్చి, చెలీ, మాట మరచితినే

(చివరి చరణం నిదానంగా. అభినయంలో చేయి పెదవి దాకా పోకూడదు, దోసిలి దగ్గరే ఆగాలి.)