మూలధన వ్యయం, తరుగుదల: ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో 4వ భాగం

పీణ్యాలో మేం అద్దెకు తీసుకున్న షెడ్డులో పంపు విడిభాగాల తయారీకి పెట్టే పెట్టుబడి ఇది. యంత్రాలు 2025 నవంబర్ 1న పనిలోకి వస్తాయని లెక్క.

| ఆస్తి | రూ. లక్షలు | ఆయుష్షు |
|---|---|---|
| సీఎన్‌సీ లేత్‌లు 2 | 36.00 | 15 ఏళ్లు |
| కంప్రెసర్, ప్యానెల్, కొలత పరికరాలు | 6.00 | 15 ఏళ్లు |
| కంప్యూటర్లు | 1.50 | 3 ఏళ్లు |
| ఫర్నిచర్ | 1.50 | 10 ఏళ్లు |
| మొత్తం | 45.00 | |

లేత్ ధరలో రవాణా, ఫౌండేషన్, బిగింపు ఖర్చులు కలిపాం. మొదటి కొటేషన్‌లో ఫౌండేషన్ లేదు, అడిగి చేర్పించాం. షెడ్డు అడ్వాన్స్ తిరిగొచ్చే డబ్బు కాబట్టి ఇందులో లేదు.

18 శాతం జీఎస్టీ, అంటే 8.10 లక్షలు, వేరుగా చూపాం. దాని క్రెడిట్ తీసుకుంటున్నాం కనుక ఆ మొత్తంపై తరుగుదల వేయలేదు. అయితే కొనేరోజున ఆ డబ్బు చేతిలో ఉండాలి. అందుకే నగదు ప్రవాహంలో మొత్తం 53.10 లక్షలు కనిపిస్తుంది.

పుస్తకాల్లో సరళరేఖ పద్ధతి, 5 శాతం అవశేష విలువ. పూర్తి ఏడాదికి తరుగుదల 3.28 లక్షలు, మొదటి ఏడాది 5 నెలలకు 1.37 లక్షలు. రెండో షిఫ్ట్ ఈ అంచనాల్లో లేదు.

ఆదాయపు పన్నుకు తగ్గుతున్న విలువ పద్ధతి: యంత్రాలకు 15, కంప్యూటర్లకు 40, ఫర్నిచర్‌కు 10 శాతం. మొదటి ఏడాది వాడకం 180 రోజులకు తక్కువ కాబట్టి సగం రేటే, 3.53 లక్షలు. రెండో ఏడాది 6.45 లక్షలు. అదనపు తరుగుదల లెక్కించలేదు. ఈ తేడా వల్ల వచ్చే వాయిదా పన్నును బ్యాలెన్స్ షీట్‌లో చూపాం.

తరుగుదలకు నగదు బయటకు పోదు. అందుకే లోన్ కిస్తీలు కట్టే సత్తా లెక్కలో దాన్ని లాభానికి తిరిగి కలిపాం.