హాలో షాఫ్ట్ ఎందుకు గెలుస్తుందంటే

కాకినాడ,
సెప్టెంబరు 14.

ఒరేయ్ రవీ,

కామెర్లు తగ్గుముఖం పట్టాయని మీ తమ్ముడు చెప్పాడు. టోర్షన్ నోట్సు జిరాక్స్ తీయించి వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. "మధ్యలో ఇనుము తీసేస్తే షాఫ్ట్ బలహీనపడాలి గానీ బలం పెరగడమేంట్రా?" అని అడిగావు కదా, దానికి జవాబు అందులో సూత్రం రూపంలోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

బయటి వ్యాసం ఒకటే అయితే నీ మాటే నిజం, సాలిడ్ షాఫ్ట్‌దే పైచేయి. కానీ మనం పోలుస్తున్నది సమాన బరువున్నవాటిని. మధ్యలోంచి తీసిన ఇనుమును పారేయకుండా బయటివైపు సర్దుతున్నామన్నమాట. దాంతో షాఫ్ట్ లావవుతుంది. కిటుకంతా అక్కడే ఉంది.

షాఫ్ట్‌ని మెలిపెట్టినప్పుడు షియర్ స్ట్రెస్ అంతటా ఒకేలా ఉండదు. నడిమధ్యలో సున్నా, బయటికి వెళ్లేకొద్దీ పెరిగి పైపొరలో గరిష్ఠం. పైపొర హద్దుకు చేరేసరికి లోపలి ఇనుము ఇంకా బద్ధకంగానే ఉంటుంది. పైగా అది అక్షానికి దగ్గర కాబట్టి, ఆ కాస్త బలమూ తలుపును బందుల దగ్గర తోసినట్టే. సాలిడ్ షాఫ్ట్‌లో సగం వ్యాసం వరకున్న లోపలి భాగాన్ని తీసుకో: బరువులో దానిది పావు వంతు, మోసే టార్క్‌లో 16వ వంతు. దండగ తిండి!

లెక్క చేసి చూద్దాం. సాలిడ్ 40 మి.మీ., హాలో బయట 50, లోపల 30. 50² − 30² = 40² కాబట్టి, ఒకే స్టీలు, ఒకే పొడవు అయితే బరువూ ఒకటే.

```
solid : T = τ·π·d³/16 = 60·π·40³/16 ≈ 753982 N·mm ≈ 754 N·m
hollow: T = τ·π·(D⁴ − d⁴)/(16·D) ≈ 1282 N·m   (τ = 60 MPa)
```

1.7 రెట్లు! మెలికి ఎదురు నిలిచే గుణాన్ని కొలిచే J అయితే 2.125 రెట్లు, అంటే అదే టార్క్‌కి మెలి సగం కన్నా తక్కువ.

ఆటోనగర్‌లో కోసి పడేసిన లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకటి చూశాను. అంత లావు గొట్టం, గోడ మాత్రం నా చిటికెన వేలంత మందం కూడా లేదు. పొడవాటి షాఫ్ట్ వేగంగా తిరిగితే వంగి ఊగిపోయే ప్రమాదం ఉంటుంది. వంపుకి గట్టిగా నిలిచి, తేలిగ్గా ఉండే గొట్టమైతే ఆ క్రిటికల్ స్పీడ్ పైకి జరుగుతుంది.

అలాగని గోడ మరీ పల్చన చేస్తే డబ్బా రేకులా నొక్కుకుపోతుంది. కీవే కోయడానికి చోటుండదు. చిన్న షాఫ్ట్‌కి బోరింగ్ ఖర్చు కూడా దండగే, చోటు ఇరుకైతే లావు షాఫ్ట్ అసలు పట్టదు. వైవాలో ఇవి కూడా అడుగుతారు.

సమాన బరువున్న హాలో, సాలిడ్ షాఫ్ట్‌లు మోసే టార్క్‌ల నిష్పత్తికి నోట్సులో సూత్రం ఉంది: (1 + k²)/√(1 − k²), k = d/D, అంటే హాలో షాఫ్ట్ లోపలి వ్యాసం బై బయటి వ్యాసం. k = 0.5 పెట్టి చెయ్యి, 1.44 రావాలి. రాకపోతే తమ్ముడి ఫోన్ నుంచి కాల్ చెయ్యి.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు. నూనె వస్తువుల జోలికి వెళ్లకు.

నీ
శ్రీను