ధర్నా చౌక్‌లో మధ్యాహ్న భోజన కార్మికులు: 15 వేల మందన్న సంఘాలు, 4,500 అన్న పోలీసులు

విజయవాడ, సోమవారం: నెలకు ఇస్తున్న 3 వేల రూపాయల గౌరవ వేతనాన్ని పెంచాలని, పెండింగ్ వంట బిల్లులు చెల్లించాలని కోరుతూ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండే కార్మికులు సోమవారం విజయవాడలో ర్యాలీ, ధర్నా చేశారు. రైల్వే స్టేషన్ నుంచి గాంధీనగర్‌లోని ధర్నా చౌక్ దాకా నడిచారు. అన్ని జిల్లాల నుంచి 15 వేల మంది వచ్చారని సంఘాల ఐక్య వేదిక నాయకులు చెప్పారు. మధ్యాహ్నం 12.30కి ధర్నా చౌక్‌లో 4,500 మంది ఉన్నారని పోలీసులు చెప్పారు. ర్యాలీ సాగిన దారిలో మేం విడిగా లెక్క కట్టాం. రోజు మొత్తం మీద వచ్చినవారు సుమారు 6 వేల నుంచి 7,500 మధ్య ఉంటారని తేలింది. ఈ మూడు సంఖ్యల మధ్య ఇంత తేడా ఎందుకుందో కింద వివరంగా ఇస్తున్నాం. ముందుగా వాళ్లు ఎందుకొచ్చారో చెప్పాలి.

వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. చాలామంది ముందురోజు రాత్రే రైలెక్కారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన యాభై ఏళ్లు దాటిన ఒక కార్మికురాలు తన బడి లెక్క చెప్పారు. “తొంభై మంది పిల్లలకి ఇద్దరం వండుతాం. పొద్దున ఎనిమిదింటికి పొయ్యి వెలిగిస్తే గిన్నెలు తోమి బయటపడేసరికి మూడు దాటుద్ది. కూరగాయలకి ముందు మేమే అప్పు తెస్తాం. బిల్లు ఎప్పుడొస్తే అప్పుడు తీరుస్తాం” అన్నారు. ఇద్దరే ఎందుకంటే నిబంధన అలా ఉంది. 25 మంది పిల్లల దాకా ఒకరు, 26 నుంచి 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వంద మందికీ అదనంగా ఒకరు. కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2009 నుంచీ నెలకు వెయ్యి రూపాయలే, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో దాన్ని 3 వేలు చేసింది. ఆ తర్వాత పథకం పేరు మారింది, ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తోంది. జీతం మాత్రం మారలేదన్నది వాళ్ల ప్రధాన ఫిర్యాదు.

కనీస వేతనం ఇవ్వాలని, వేసవి సెలవులకు కూడా డబ్బు చెల్లించాలని, గ్యాస్ ఖర్చు విడిగా ఇవ్వాలని, వంట పనిని ప్రైవేటు వంటశాలలకు అప్పగించకూడదని వాళ్లు కోరుతున్నారు. బిల్లులను విడతలవారీగా చెల్లిస్తున్నామని, వేతన పెంపు ప్రతిపాదన తమ స్థాయిలో తేలేది కాదని పాఠశాల విద్యాశాఖ అధికారి ఒకరు చెప్పారు. బుధవారం నాయకులను చర్చలకు పిలిచారు.

ఇక జన సంఖ్య సంగతి.

పోలీసుల 4,500 ఎక్కడి నుంచి వచ్చిందని బందోబస్తు చూసిన అధికారిని అడిగాం. 12.30కి డ్రోన్‌తో తీసిన ఫోటో, బారికేడ్ల దగ్గరున్న సిబ్బంది ఇచ్చిన అంచనా కలిపి చెప్పామన్నారు. అంటే ఆ సమయానికి ఆ చోట ఉన్నవాళ్లు మాత్రమే అందులో ఉన్నారు. పొద్దున ర్యాలీలో నడిచి వెళ్లిపోయినవాళ్లు గానీ తర్వాత వచ్చినవాళ్లు గానీ లేరు.

నాయకుల 15 వేల సంగతీ అలాగే అడిగాం. జిల్లాల బాధ్యులు ఉదయం ఫోన్లో చెప్పిన పేర్ల జాబితాలను కూడితే వచ్చిందని ఐక్య వేదిక రాష్ట్ర బాధ్యురాలు వివరించారు. అది ఊళ్ల నుంచి బయల్దేరినవాళ్ల సంఖ్య. అందులో సుమారు 3 వేల మందిని పోలీసులు దారిలోనే ఆపేశారని ఆమె అన్నారు. ముందస్తు నోటీసులు ఇచ్చిన మాట నిజమేనని, అయితే ఎవరినీ రైళ్లలోంచి దించలేదని పోలీసు అధికారి చెప్పారు. రెండు ఊళ్ల బస్టాండ్లలో తమను ఆపి వెనక్కి పంపారని చెప్పిన ఆరుగురు మహిళలతో మేం ఫోన్లో మాట్లాడాం. ముగ్గురు తమకిచ్చిన నోటీసుల ఫోటోలు కూడా పంపారు. కొందరిని ఆపారనడానికి ఇది చాలు. 3 వేల మందిని ఆపారనడానికి చాలదు.

కాబట్టి ఈ రెండు సంఖ్యలనూ నేరుగా పక్కపక్కన పెట్టి ఎవరు అబద్ధం చెబుతున్నారని అడగడం సరికాదు. ఒకరు ఒక క్షణాన్ని లెక్కపెట్టారు, ఇంకొకరు రోజంతా కదిలిన మనుషులను లెక్కపెట్టారు. అలాగని రెండూ సరైనవే అని రాసి చేతులు దులుపుకోలేం. దారిలో ఆపేశారంటున్న 3 వేలు తీసేసినా నాయకుల లెక్క ప్రకారం 12 వేల మంది నగరానికి చేరాలి. అంతమంది మాకు కనిపించలేదు.

మేం చేసింది ఇది. ధర్నా చౌక్‌కు కాస్త ముందు, ర్యాలీ అంతా దాటాల్సిన చోట ఒక మేడ మీద ఇద్దరం నిలబడ్డాం. ఉదయం 10.50 నుంచి 12 గంటల దాకా ప్రతి ఐదు నిమిషాలకోసారి, ఒక నిమిషం పాటు కింద దాటినవాళ్లను లెక్కపెట్టాం. ఇద్దరం విడివిడిగా రాసుకుని తర్వాత సరిచూసుకున్నాం. అతి తక్కువగా నిమిషానికి 41 మంది, అతి ఎక్కువగా 117 మంది దాటారు. సగటు 78. డెబ్బై నిమిషాలకు సుమారు 5,460 అవుతుంది. మధ్యాహ్నం 1.15కి రాయలసీమ వైపు నుంచి ఆలస్యంగా వచ్చిన ఒక బృందం నేరుగా సభ దగ్గరికి చేరింది. వాళ్లు దాదాపు 400 మంది. పక్క వీధుల్లో 31 బస్సులు ఆగి ఉన్నాయి. బస్సుకు యాభై మంది చొప్పున 1,550 మంది. వాళ్లలో ర్యాలీలో నడిచినవాళ్లు మా లెక్కలో ఇప్పటికే ఉన్నారు, తిన్నగా సభకు వెళ్లినవాళ్లు లేరు. అందుకే ఒక్క సంఖ్య చెప్పకుండా కిందా పైనా హద్దులు ఇస్తున్నాం. బస్సుల్లో వచ్చినవాళ్లంతా నడిచారనుకుంటే 5,860, ఎవరూ నడవలేదనుకుంటే 7,410.

పోలీసుల సంఖ్యనూ విడిగా పరీక్షించాం. జనం కూర్చున్న రోడ్డు ముక్కను టేపుతో కొలిస్తే 440 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉంది. మొత్తం 22 వేల చదరపు అడుగులు. మేడ మీంచి 12.30కి తీసిన ఫోటోల్లో ఇరవై అడుగుల చదరాలు మూడు ఎంచుకుని తలలు లెక్కపెట్టాం. వేదిక దగ్గర 83, మధ్యలో 71, చివర 58 మంది ఉన్నారు. ఆ సాంద్రతతో రోడ్డు మీద సుమారు 3,900 మంది. సందుల్లో, చెట్ల నీడన ఇంకో ఐదారు వందల మంది నిలబడ్డారు. అంటే ఆ సమయానికి పోలీసులు చెప్పిన 4,500 దాదాపుగా సరిపోతోంది. ఈ మాట కార్మికుల పక్షం వాళ్లకు రుచించకపోవచ్చు, కానీ లెక్క అలాగే వచ్చింది. అయితే సాయంత్రం పోలీసులు పంపిన ప్రకటనలో 12.30 అన్న సమయం లేదు. “ధర్నాకు 4,500 మంది హాజరయ్యారు” అని మాత్రమే ఉంది. 1.15కి వచ్చిన బృందాన్ని వాళ్లు కలపలేదు. రోజు మొత్తానికి ఆ సంఖ్యను వాడితే అది తక్కువే అవుతుంది.

ఇలా చదరాలుగా విడగొట్టి లెక్కించే పద్ధతి కొత్తది కాదు. 1960లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జర్నలిజం బోధించిన హెర్బర్ట్ జాకబ్స్ తన కిటికీ కింద చేరిన విద్యార్థులను నేల మీది గళ్ల సాయంతో లెక్కపెట్టారు. పలచని గుంపులో మనిషికి పది చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర అన్నది ఆయన సూత్రం. మా ఫోటోల్లో సగటున మనిషికి ఐదున్నర చదరపు అడుగులకు కాస్త ఎక్కువే వచ్చింది. 12 వేల మంది ఒకేసారి అక్కడ కూర్చోవాలంటే ఒక్కొక్కరికి రెండు చదరపు అడుగులు కూడా దక్కవు.

పోలీసులకూ నిర్వాహకులకూ మధ్య ఇంత దూరం మనకే పరిమితం కాదు. 2019 జూన్ 16న హాంకాంగ్‌లో దాదాపు 20 లక్షల మంది నడిచారని నిర్వాహకులు అంటే, మొదట అనుకున్న దారిలో రద్దీ అత్యధికంగా ఉన్నప్పుడు 3,38,000 మంది ఉన్నారని పోలీసులు చెప్పారు. అక్కడా ఒకరు రోజంతా, ఒకరు ఒక క్షణం. రెండు వారాల తర్వాత జులై 1న జరిగిన ర్యాలీలో నిర్వాహకులు 5.5 లక్షలన్నారు, పోలీసులు 1.9 లక్షలన్నారు. పాదచారుల వంతెనల మీద కెమెరాలు పెట్టి కంప్యూటర్‌తో లెక్కించిన పరిశోధకులకు 2.65 లక్షలు వచ్చింది. ఫ్రాన్స్‌లో పింఛను సంస్కరణ మీద 2023 మార్చి 23న ప్యారిస్‌లో జరిగిన ప్రదర్శనకు సీజీటీ కార్మిక సంఘం 8 లక్షలు, పోలీసులు 1,19,000 అని చెప్పారు. వాషింగ్టన్‌లో 1995 నాటి మిలియన్ మ్యాన్ మార్చ్‌కు 4 లక్షల మంది వచ్చారని అక్కడి పార్కుల శాఖ చెబితే నిర్వాహకులు కోర్టుకెళ్తామన్నారు. బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫోటోలను మళ్లీ పరిశీలించి దాదాపు 8.4 లక్షలని తేల్చారు. ఆ గొడవ తర్వాత పార్కుల శాఖ జనాన్ని లెక్కపెట్టడమే మానేసింది. అది పెద్ద నష్టమని నా అభిప్రాయం. కొలిచేవాళ్లు తప్పుకుంటే, గట్టిగా మాట్లాడేవాళ్ల సంఖ్యలే మిగులుతాయి.

మా లెక్కను సాయంత్రం రెండు పక్షాలకూ చూపించాం. “మా చెల్లెళ్లు సగం మంది స్టేషన్‌లోనే ఆగిపోయారు. వాళ్లని మీరు చూడలేదు” అని ఐక్య వేదిక బాధ్యురాలు అన్నారు. ఉదయం 11 గంటలకు స్టేషన్ దగ్గరున్న మా ఫోటోగ్రాఫర్ తీసిన చిత్రాల్లో బయట రెండు మూడు వందల మంది కనిపిస్తున్నారు. వాళ్లలో ఎందరు తర్వాత ర్యాలీలో కలిశారో చిత్రాలు చెప్పవు. ఆమె 15 వేల మాట మీదే నిలబడ్డారు. పోలీసు అధికారి తమ సంఖ్య 12.30 నాటిదేనని ఒప్పుకున్నారు. రోజు మొత్తానికి వేరే అంచనా ఇవ్వలేదు.

రాష్ట్రంలో ఈ పని చేసేవాళ్లు 80 వేలకు పైగా ఉన్నారు. మా లెక్కలో పై హద్దు తీసుకున్నా వచ్చినవాళ్లు పదిమందిలో ఒకరి కంటే తక్కువే. దీన్ని బట్టి మిగతావాళ్లకు ఈ డిమాండ్లు అక్కర్లేదనుకోవడం పొరపాటు. సోమవారం బడులున్నాయి. ఇద్దరు వండే చోట ఒకరు వస్తే రెండో ఆమె అక్కడే ఉండి పిల్లలకు అన్నం పెట్టాలి. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒకామె అదే చెప్పింది: “మా అక్క ఇయ్యాల ఒక్కతే వండుతోందన్నా. ఈసారి తను వస్తది, నేనుంటా.”

బుధవారం చర్చలు విఫలమైతే శుక్రవారం నుంచి అన్ని కలెక్టరేట్ల ముందు దీక్షలు మొదలుపెడతామని ఐక్య వేదిక ప్రకటించింది. సోమవారం నాటి జన సంఖ్యపై పోలీసుల నుంచి గానీ నాయకుల నుంచి గానీ సవరించిన వివరాలు అందితే ఈ వార్తలో సమయంతో సహా చేరుస్తాం.